‘వెల్...’ అంటే బాగుందని కాదు

సాయంత్రం ఏడున్నర. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు గదిలో ఫోన్ మీటింగ్ నడుస్తోంది. అవతల అమెరికాలో క్లయింట్‌కి ఉదయం కాఫీ వేళ. మన కుర్రాడు తన ప్లాన్ చెప్పాడు. పాత డేటా అంతా ఒకేసారి కొత్త సిస్టమ్‌లోకి మార్చేద్దాం, అందుకోసం రెండు రోజులు సర్వీసు ఆపుదాం అన్నాడు. అవతల ఒక క్షణం చప్పుడు లేదు. తర్వాత, “వెల్... దట్స్ వన్ వే టు డూ ఇట్” అని వినిపించింది. కుర్రాడు మ్యూట్ నొక్కి పక్కవాళ్లకి బొటనవేలు ఎత్తి చూపించాడు. రెండు వారాలు టీమంతా ఆ పని మీదే కూర్చుంది. మూడో వారంలో మెయిల్ వచ్చింది: దీనికి మేం ఎప్పుడు ఒప్పుకున్నాం?

“ఒప్పుకున్నారు సార్. మొదట్లో ‘వెల్’ అని కూడా అన్నారు” అని ఆ అబ్బాయి నా క్లాసులో వాపోయాడు. తప్పు అతనిది కాదు. బళ్లో మనకి ‘వెల్’ అంటే ‘బాగా’ అని నేర్పారు. బాగా పాడతాడు, బాగా చదువుతుంది, అంతే. మాట మొదట్లో, ఒక్క పిసరు ఆగి వచ్చే ‘వెల్’ గురించి ఎవరూ చెప్పలేదు. అది ‘బాగుంది’ అనడానికి దాదాపు వ్యతిరేకం.

మాటల మధ్య ఇలా సంజ్ఞలు చేసే పదాల్ని భాషావేత్తలు డిస్కోర్స్ మార్కర్లు అంటారు. డెబొరా షిఫ్రిన్ అనే ఆవిడ 1987లో వీటి మీదే ఒక పుస్తకం రాసింది. ఫిలడెల్ఫియా ఇళ్లలో మామూలు మనుషులు మాట్లాడుకున్న మాటల్ని రికార్డు చేసుకుని పదకొండు మార్కర్లు పరిశీలించింది. అందులో ‘వెల్’ ఉంది, ‘సో’ ఉంది, ‘యూ నో’ ఉంది. వీటికి నిఘంటువులో అర్థం వెతికితే దొరికేది తక్కువ. ఇవి విషయం చెప్పవు, రాబోయే విషయం ఎలాంటిదో చెబుతాయి. బస్సు డ్రైవరు వేసే ఇండికేటర్ లాంటివన్నమాట. ఇండికేటర్ వల్ల బస్సు తిరగదు. కానీ అది లేకుండా తిరిగితే వెనకాల స్కూటరు వాడి గతి ఏమిటి?

ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను కూడా క్లాసుల్లో ఈ పదాల్ని ‘ఫిల్లర్లు’ అని తిట్టాను. ‘సో’ అన్నవాడల్లా డబ్బాలో రూపాయి వేయాలని రూలు పెట్టాను. డబ్బా నిండింది కానీ పిల్లల ఇంగ్లిష్ బాగుపడలేదు. పైగా, కొందరు మాట్లాడితే పరీక్ష జవాబులు చదువుతున్నట్టు ఉండేది. ఇండికేటర్లన్నీ పీకేసి బండి నడపమన్నానని తర్వాత తెలిసింది.

ముందు ‘వెల్’ సంగతి చూద్దాం, ఎక్కువ ప్రమాదం దానితోనే. దాని పని తెలియాలంటే అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మీ వీధిలోనే ఉంది. “ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి” అని పక్కింటాయన పిలిచాడనుకోండి. వెళ్లేవాళ్లయితే “అయ్యో, తప్పకుండా వస్తామండి” అని ఆయన మాట పూర్తికాకముందే అందుకుంటారు. వెళ్లలేకపోతే? “అంటే... ఆదివారం...” అంటారు. అంతే అన్నారు. రామనలేదు, కారణం చెప్పలేదు. అయినా ఆయనకి తెలిసిపోయింది. “పోనీ, పై వారం పెట్టుకుందామా?” అంటాడు. మీరు కాదనే అవసరమే రాలేదు, పిలిచినాయన కాదనిపించుకునే అవసరమూ రాలేదు. ఆ ‘అంటే’ చేసిన పని అది. కాదనబోతున్నానని ముందే సైగ చేసి, అవతలివాళ్లకి మాట మార్చుకునే వీలు ఇచ్చింది.

ఇంగ్లిష్‌లో ఆ పనిని ‘వెల్’ చేస్తుంది. అనితా పొమెరాంట్స్ 1984లో దీన్ని చాలా చక్కగా చూపించింది. ఒప్పుకునే జవాబు వెంటనే, సూటిగా, పొట్టిగా వస్తుంది. ఒప్పుకోని జవాబు ఆలస్యంగా వస్తుంది, ముందు ‘వెల్’ లాంటిది తోడు తెచ్చుకుంటుంది, తర్వాత కాస్త మెచ్చుకోలు, ఆ తర్వాత ‘కానీ’. ఆలస్యం అంటే ఎంత? పది భాషల్ని పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రశ్నకీ జవాబుకీ మధ్య సగటు ఖాళీ సెకనులో అయిదో వంతు. (ఆ పదింటిలో తెలుగు లేదు, కానీ మన ఇళ్లలో అంత ఖాళీ కూడా ఇవ్వరని నా అనుమానం.) మామూలు ఖాళీ అంత చిన్నదైనప్పుడు ఒక పూర్తి సెకను మౌనం వస్తే చెవికి పెద్దగానే వినిపిస్తుంది. ఆ కుర్రాడి ఫోన్లో మొదట వచ్చిన సంకేతం ‘వెల్’ కూడా కాదు, దానికి ముందు వచ్చిన నిశ్శబ్దం.

‘వెల్’ ప్రతిసారీ కాదనడానికే వస్తుందని అనుకోకండి. షెగ్లాఫ్, లెర్నర్ అనే ఇద్దరు 2009లో దీన్ని ఇంకొంచెం లోతుగా తవ్వారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు లాంటి ప్రశ్నలకి జవాబు ‘వెల్’తో మొదలైతే, ‘నా జవాబు సూటిగా ఉండదు, కాస్త ఓపిక పట్టండి’ అని దానర్థమని తేల్చారు. “నొప్పి ఎప్పుడు మొదలైంది?” అని డాక్టర్ అడిగారు. “నిన్న రాత్రి” అంటే అయిపోయింది. “వెల్...” అంటే, దాని వెనక పోయినేడాది మెట్ల మీద జారిన కథ కూడా ఉంది. ఆ పదం విన్న డాక్టర్ మధ్యలో అడ్డుపడకుండా వింటారు. కనీసం మంచి డాక్టర్ వింటారు.

ఇప్పుడు ఇంటర్వ్యూకి రండి. “మీరు టీమ్‌ని నడిపారా?” అని అడిగారు. మీరు మూడేళ్లు నడిపారు. ఇంగ్లిష్ సహజంగా ఉండాలని, తొణక్కుండా కనిపించాలని, “వెల్... యెస్” అన్నారు. ఎదుటివాళ్లు ఏం విన్నారు? ‘అవును కానీ, ఏదో తిరకాసు ఉంది’ అని విన్నారు. ఇక వరసగా ప్రశ్నలు: ఎంతమంది, నేరుగా మీ కిందేనా, జీతాల పెంపు మీరే నిర్ణయించారా? ఉన్న అనుభవాన్ని మీరే అనుమానంలో పడేశారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నకి నిజమైన జవాబు అవునే అయితే ముందు ‘వెల్’ వద్దు. “యెస్, ఫర్ త్రీ ఇయర్స్” చాలు. అదే “జీతం ఎంత ఆశిస్తున్నారు?” అంటే ‘వెల్’ సరిగ్గా అక్కడికే పుట్టింది. ఒక అంకెతో తేలే జవాబు కాదు, కొన్ని షరతులున్నాయి అని మర్యాదగా తెలియజేస్తుంది.

ఇక్కడ మన తెలుగువాళ్లు తరచూ పడే ఒక గుంట ఉంది. నోట్లో ‘అంటే’ తయారుగా ఉంటుంది కాబట్టి, ఇంగ్లిష్‌లోకి దాన్ని అలాగే దింపేసి “మీన్స్...” అని మొదలుపెడతాం. “కెన్ యూ కమ్ ఆన్ సండే?” “మీన్స్, సండే ఐ హావ్ సమ్ వర్క్.” మనలో మనకి ఇది బాగానే తెలుస్తుంది. ఇంగ్లిష్ పుట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లు మాత్రం ‘దేనికి అర్థం చెబుతున్నాడు?’ అని తడబడతారు. ‘మీన్స్’కి వాళ్ల దగ్గర ఆ ఉద్యోగం లేదు. జవాబు మొదట్లో మీ నాలుక ‘అంటే’ కోసం వెతుకుతోందంటే, అక్కడ ‘వెల్’ పెట్టండి. పదానికి పదం అర్థం కుదరదు కానీ పనికి పని కుదురుతుంది. చెప్పిన మాటకే వివరణ ఇస్తున్నప్పుడు వచ్చే ‘అంటే’ వేరు. దానికి ‘ఐ మీన్’ ఉంది.

మన కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. అతను ఆ సాయంత్రం ఏం చేసి ఉండాల్సింది? బొటనవేలు ఎత్తకుండా పక్కింటాయన చేసిన పనే చేయాలి. ‘వెల్’ వినగానే తన మాటలో ఏ ముక్క గుచ్చుకుందో తనే వెతికి, తలుపు తెరవాలి: “రెండు రోజులు ఆపడం ఇబ్బందా?” అలా అడిగి ఉంటే అవతలివాళ్లు ఆ క్షణంలోనే చెప్పేవారు. తర్వాత తెలిసిన సంగతేమంటే, ఆ రెండు రోజులూ వాళ్లకి నెలాఖరు చెల్లింపుల రోజులు. ‘వెల్’ తర్వాత వచ్చిన ‘వన్ వే’ కూడా గమనించండి. ‘ఒక దారి’ అన్నారంటే ఇంకో దారి చూడమని. అంత సూచన ఇచ్చాక కూడా మనవాడు ఆగలేదంటే, వాళ్ల దృష్టిలో అతను చెప్పింది వినని మనిషి. మన దృష్టిలో వాళ్లు మాట మార్చిన మనుషులు. ఇద్దరూ నిజాయితీపరులే, మధ్యలో ఒకటిన్నర అక్షరాల పదం.

‘సో’ కథ వేరు. దీన్ని అందరూ ‘కాబట్టి’ అనుకుంటారు. ‘వర్షం పడింది, సో తడిశాను’ అన్న చోట నిజమే. కానీ అంతకుముందు కారణమేదీ లేకుండా, కొత్త సంగతి ఎత్తుకుంటూ “సో, హౌ డిడ్ ది ఇంటర్వ్యూ గో?” అంటారు చూడండి, అక్కడ కాబట్టి ఏమీ లేదు. గలీనా బోల్డెన్ అనే పరిశోధకురాలు ఇంగ్లిష్ ఫోన్ సంభాషణలు విని, 2006లో ఒక సున్నితమైన తేడా పట్టుకుంది. ‘సో’తో ఎత్తుకున్న సంగతి చాలావరకు ఎదుటివాళ్లకి సంబంధించినదై ఉంటుంది. ‘ఇది అడగాలని నా మనసులో ముందునుంచీ ఉంది, ఇప్పుడు వీలు దొరికింది’ అనే ధ్వని దానిలో ఉంది. ‘ఓ’తో ఎత్తుకుంటే ‘ఇప్పుడే గుర్తొచ్చింది’ అని ధ్వని, అలా ఎత్తుకునేవి ఎక్కువగా తమ సొంత సంగతులు.

ఈ తేడాని ఆవిడ టేపులు వేసి తవ్వి తీసింది కానీ, మనకి అమ్మమ్మల నుంచి వచ్చిందే. ‘ఇంతకీ’, ‘అన్నట్టు’ అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. స్నేహితుడి తల్లి ఆసుపత్రిలో ఉంది. మీరు ఫోన్ చేసి పావుగంట క్రికెట్ మాట్లాడి, “ఇంతకీ అమ్మకి ఎలా ఉందిరా?” అన్నారు. సరే, దానికోసమే చేశాడు, చుట్టూ తిరిగి వచ్చాడు అనుకుంటాడు. అదే “అన్నట్టు, అమ్మకి ఎలా ఉంది?” అంటే? ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాడికి అది ముల్లు. మాటలన్నీ అవే, తల్లి అదే, ఒక్క పదం మారింది. ఇక ‘అన్నట్టు’ని మనవాళ్లు ఎక్కడ వాడతారో మీకు తెలుసు. అరగంట కుశల ప్రశ్నలయ్యాక, “అన్నట్టు, ఓ పదివేలు సర్దగలవా?” అని. ఫోన్ చేసిందే దానికోసం. కానీ ఇప్పుడే తట్టినట్టు ఉండాలి. బోల్డెన్ చెప్పిన ‘ఓ’ చేసే పని కూడా ఇంచుమించు ఇదే.

కాబట్టి ఆఫీసులో ఎవరైనా పిల్లాడి పరీక్షల కోసం సెలవు పెట్టి వచ్చారనుకోండి, ఇంగ్లిష్‌లో అడిగేటప్పుడు ‘బై ద వే’ మీద చెయ్యి వేయకండి. ‘సో’ వేయండి. మనసులో పెట్టుకుని అడిగినట్టు ఉంటుంది. నిజంగా మనసులో లేకపోతే అడగడం మానేసినా నష్టం లేదు.

కథ మొదలుపెట్టడానికీ ‘సో’ పనికొస్తుంది. కవి షేమస్ హీనీ పాత ఇంగ్లిష్ కావ్యం ‘బేవుల్ఫ్’ని అనువదిస్తూ మొదటి పదంగా ‘సో’నే పెట్టాడు. మన శాస్త్ర గ్రంథాలు కొన్ని ‘అథ’తో మొదలవుతాయి కదా, ఆ రెంటికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు నాకనిపిస్తుంది: ఇక అన్నీ ఆపి వినండి అని. కానీ ఇంటర్వ్యూలో ప్రతి జవాబునీ ‘సో’తో మొదలుపెడితే ఆ బలం పోతుంది. ప్రతి జవాబూ ముందే బట్టీ పట్టి తెచ్చిన ప్రకటనలా వినిపిస్తుంది. “మీ ఊరేది?” “సో, నేను నెల్లూరు.” ఊరికి ‘సో’ ఎందుకు?

‘సో’కి ఇంకో ముఖం ఉంది, అది సంభాషణ చివర కనిపిస్తుంది. ఫోన్ పెట్టేయడం తేలికైన పని కాదని షెగ్లాఫ్, హార్వీ సాక్స్ 1973లో ఒక పెద్ద వ్యాసమే రాశారు. ఎవరూ మాట తెంచి టక్కున పెట్టేయరు. ముందు ఒకరు ‘వెల్...’, ‘ఓకే...’, ‘సో...’ అని స్వరం దించి, సాగదీసి వదులుతారు. దానర్థం: ‘నా వైపు నుంచి అయిపోయింది, మీ దగ్గర మిగిలింది ఏమైనా ఉంటే ఇప్పుడే’. అవతలివాళ్లు కూడా ‘ఓకే’ అంటే తలుపులు మూసుకుంటాయి. లేదంటే మిగిలిన సంగతి బయటికి వస్తుంది. మనం “సరేనండి మరి...”, “ఉంటానండి మరి...” అనేది ఇదే తంతు. చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్లి, అసలు పెళ్లి సంబంధం సంగతి అక్కడ ఎత్తే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లు మర్యాద తెలియనివాళ్లు కాదు, ఆ ఖాళీని పట్టుకోవడం తెలిసినవాళ్లు.

మీటింగుల్లో మనవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ ఖాళీనే. మేనేజర్ “ఆల్‌రైట్, సో...” అని స్వరం దించారంటే మీకు రెండు సెకన్ల కిటికీ తెరుచుకుంది. సందేహం ఉంటే అక్కడే పెట్టాలి. “వన్ మోర్ థింగ్, బిఫోర్ వి క్లోజ్” అని. చాలామంది ఆ ‘సో’ తర్వాత వాక్యం వస్తుందేమో అని మర్యాదగా ఎదురుచూస్తారు. వాక్యం రాదు, ‘బై’ వస్తుంది. తర్వాత రాత్రి పదకొండుకి పొడుగాటి మెయిల్ రాస్తారు. అరనిమిషంలో తేలేది మూడు రోజులు నలుగుతుంది. ఎలా గుర్తుపట్టాలంటే, స్వరం చూడండి. స్వరం పైకి లేచి, వెంటనే మాట అంటుకుంటే అది కొత్త సంగతికి ‘సో’. కిందికి దిగి, గాల్లో వేలాడితే ముగింపుకి ‘సో’.

‘యూ నో’ గురించి ఎక్కువ చెప్పను, మన ‘తెలుసుగా’, ‘కదా’ తెలిసినవాళ్లకి అది సగం తెలిసినట్టే. ఫాక్స్ ట్రీ, ష్రాక్ అనే ఇద్దరు 2002లో దాని మూల స్వభావం చెప్పారు: మిగతాది నువ్వే ఊహించుకో అని వినేవాళ్లని పిలవడం. “మా బాస్ ఎలాంటివాడో... తెలుసుగా” అని ఆపేస్తే, మిగతా బొమ్మ మీరు గీసుకుంటారు. ఆడవాళ్లే ఇది ఎక్కువ వాడతారని, అది ధైర్యం లేకపోవడమని ఒక అపోహ ఉండేది. న్యూజిలాండ్‌లో జానెట్ హోమ్స్ 1986లో లెక్కపెట్టి చూస్తే ఆడా మగా వాడకంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఆడవాళ్లు దాన్ని నమ్మకంగా చెప్పేచోట ఎక్కువ వాడుతున్నారు.

దీనితో వచ్చే చిక్కు ఒకటే. పిలిచాక ఆగాలి. ‘యూ నో’ అన్నాక వినేవాళ్లు తలూపడానికో, ఊఁ కొట్టడానికో చోటు కావాలి. ఆగకుండా మూడు మాటలకోసారి దాన్ని గుప్పిస్తే, భోజనానికి పిలిచి తలుపు తీయనట్టు ఉంటుంది. ఇంకోటి, వినేవాళ్లకి నిజంగా తెలిసి ఉండాలి. పాత టీమ్‌లోకి కొత్తగా చేరిన అమ్మాయి ముందు “పోయినసారి ఏమైందో యూ నో” అంటూ పోతే, ఆ అమ్మాయి తలూపుతుంది కానీ తనకి తెలియదు. అక్కడ తెలిసిన కథ అనుకోకుండా రెండు వాక్యాలు విప్పి చెప్పండి.

మీ సంగతి మీకు తెలియాలంటే, మీరు మాట్లాడిన ఏదైనా ఫోన్ కాల్ అవతలివాళ్ల అనుమతితో అయిదు నిమిషాలు రికార్డు చేసుకోండి. తెలుగైనా సరే, ఇంగ్లిషైనా సరే. మార్కర్లు లెక్కపెట్టి ఊరుకోకండి, ప్రతిదాన్నీ తీసేసి ఆ వాక్యం మళ్లీ అని చూడండి. తీసేస్తే మాట మొరటుగా తోచినా, ఉన్నట్టుండి మలుపు తిరిగినట్టు ఉన్నా, దాన్ని ఉంచండి, అది పని చేస్తోంది. తీసేసినా ఏమీ మారకపోతే అది తెచ్చుకున్న అలవాటు. మాట మొదట్లో ఉన్నవి ఎక్కువగా పని చేసేవి, వాక్యం నడుమ పడి ఉన్నవి ఎక్కువగా అలవాటువి. ఇది నా క్లాసుల్లో చూసి చెబుతున్న మాట, శాస్త్రం కాదు.

నేను కూడా నా కాల్ ఒకటి రికార్డు చేసుకున్నాను. అయిదు నిమిషాల్లో పద్నాలుగు ‘అంటే’లు తేలాయి. తొమ్మిది జవాబుల మొదట్లో ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. మిగతా అయిదూ వాక్యాల నడుమ ఊరికే దొర్లుతున్నాయి. కాగితం మీద వరసగా రాసుకుని, అమ్మయ్య, అయిదే కదా అని మా ఆవిడకి చూపించాను. ఆవిడ ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొత్తం విని, “బాగానే ఉంది, మరి ‘అసలు’లు లెక్కపెట్టలేదేం?” అంది.